బరువు తూచకుండా హెడ్జ్ చేయొద్దు: సూచీల పోలిక, ఫ్యూచర్స్ ఎంపిక

2024 జూన్ 3, సోమవారం సాయంత్రం చైతన్యపురి నుంచి మా బావ ఫోను. "బామ్మర్దీ, మార్కెట్ ఇంత పెరిగింది, నా ఖాతాల నుంచి ముప్పై ఆరు వేలు పోయినయ్. నువ్వు చెప్పిందే చేసిన గదా, ఏందిది?"

చెప్పింది నేనే. మర్నాడు ఎన్నికల ఫలితాలు. బావ దగ్గర పన్నెండు లక్షల విలువైన షేర్లు ఉన్నాయి: ఎస్‌బీఐ, ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్, ఓఎన్‌జీసీ, కోల్ ఇండియా. ఒక్కోదాంట్లో రెండు లక్షల నలభై వేలు. అన్నీ సర్కారు కంపెనీలే. అమ్మితే పన్ను కట్టాలి, ఉంచితే భయం. "నిఫ్టీ ఫ్యూచర్స్ రెండు లాట్లు షార్ట్ చెయ్ బావా, పడినా ఇబ్బంది ఉండదు" అన్నాను. ఫ్యూచర్ అంటే సూచీని ఒక గడువు తేదీకి, ఇప్పుడే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే ఒప్పందం. షార్ట్ అంటే దాన్ని ముందే అమ్మడం: సూచీ పడితే లాభం, పెరిగితే నష్టం. షేర్లలో వచ్చే నష్టాన్ని ఇలా పూడ్చుకోవడమే హెడ్జ్. లాటంటే విడగొట్టకుండా కొనాల్సిన, అమ్మాల్సిన మూట, అప్పట్లో 25 యూనిట్లు. శుక్రవారం, మే 31న, నిఫ్టీ 22,530.70 దగ్గర ముగిసింది. రెండు లాట్లంటే 50 యూనిట్లు, విలువ పదకొండు లక్షల పాతిక వేల పైచిలుకు. పన్నెండు లక్షల షేర్లకు పదకొండు లక్షల రక్షణ, సరిపోయిందనుకున్నాను.

అది తప్పు లెక్క. ఎక్కడ తప్పిందో చెప్పాలంటే సూచీ లోపల ఏముందో చూడాలి. ఏ సూచీలో డబ్బు పెట్టాలి, దేని ఫ్యూచర్‌తో మన షేర్లను కాపాడుకోవాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు బరువుల దగ్గరే ఉంది.

మూడు కంపెనీలు, నాలుగు సూచీలు

మూడే కంపెనీలున్న ఒక చిన్న మార్కెట్ ఊహించుకోండి. పేర్లు క, చ, ట.

క షేరు ధర 4,000 రూపాయలు, మొత్తం షేర్లు కోటి. అందులో 75 శాతం ప్రమోటర్ల, అంటే కంపెనీని నడిపే యజమానుల, చేతిలోనే ఉంది. చ షేరు 500, మొత్తం 12 కోట్ల షేర్లు, సగం ప్రమోటర్లవి. ట షేరు వంద రూపాయలే గానీ 60 కోట్ల షేర్లున్నాయి, ప్రమోటరంటూ ఎవరూ లేరు, అన్నీ జనం చేతుల్లోనే తిరుగుతున్నాయి.

ఒక రోజు క పది శాతం పెరిగింది, చ కదల్లేదు, ట ఐదు శాతం పడింది. మార్కెట్ పెరిగినట్టా, పడినట్టా?

ధరలు మాత్రమే కూడితే మొత్తం 4,600. అందులో 4,000 ఒక్క క దే, అంటే 87 శాతం బరువు. అది పది శాతం పెరిగింది కాబట్టి సూచీ 8.6 శాతం ఎగిరింది. ఇది ధర ప్రకారం బరువు. 1896లో చార్లెస్ డౌ పన్నెండు కంపెనీలతో మొదలుపెట్టిన డౌ జోన్స్ సూచీ ఇప్పటికీ ఇలాగే నడుస్తోంది, జపాన్ నిక్కీ కూడా ఈ కుటుంబమే. కాగితం, పెన్సిలు తప్ప ఏమీ లేని రోజుల్లో ఇది సుళువైన దారి. కానీ షేరు ధర నాలుగు వేలు ఉన్నంత మాత్రాన కంపెనీ పెద్దదైపోదు. రేపు క తన షేరును నాలుగు ముక్కలు చేసి ధర వెయ్యికి తెచ్చిందనుకోండి. వ్యాపారంలో ఏ మార్పూ లేదు, కానీ బరువు 87 నుంచి 62.5 శాతానికి పడిపోతుంది. 2020 ఆగస్టు 31న ఆపిల్ షేరు ఒకటికి నాలుగైనప్పుడు డౌ జోన్స్‌లో జరిగింది ఇదే. అప్పటిదాకా అన్నిటికంటే బరువైన షేరు అది. ఒక్క రాత్రిలో వెనక్కి వెళ్లింది.

మొత్తం మార్కెట్ విలువతో తూచితే లెక్క మారుతుంది. క విలువ 4,000 కోట్లు, చ, ట చెరో 6,000 కోట్లు. బరువులు 25, 37.5, 37.5. ఆ రోజు సూచీ 0.6 శాతం పెరిగినట్టు.

ఇక ఫ్రీ ఫ్లోట్. ప్రమోటర్లు అమ్మకుండా దాచుకున్నవి తీసేసి, బజారులో నిజంగా దొరికే షేర్లనే లెక్కించడం. ఇప్పుడు క విలువ వెయ్యి కోట్లే, చ 3,000, ట 6,000. బరువులు 10, 30, 60. అదే రోజు ఈ సూచీ 2 శాతం పడింది.

చివరిది సమాన బరువు. ముగ్గురికీ మూడో వంతు చొప్పున ఇస్తే సూచీ 1.7 శాతం పెరిగింది.

ఒకే రోజు, అవే మూడు షేర్లు. ఒక సూచీ 8.6 శాతం లాభమంటుంది, ఇంకొకటి 2 శాతం నష్టమంటుంది. నాలుగూ తమ లెక్కలో నిజమే చెబుతున్నాయి. "మార్కెట్ పెరిగింది" అని టీవీలో విన్నప్పుడు ఎవరి తక్కెడలో తూచారో అడగాలి.

మన సూచీలు మూడో పద్ధతిలోకి వచ్చేశాయి. సెన్సెక్స్ 2003 సెప్టెంబరు 1 నుంచి, నిఫ్టీ 2009 జూన్ 26 నుంచి ఫ్రీ ఫ్లోట్ మీదే నడుస్తున్నాయి. అంతకుముందు ప్రమోటర్ల దగ్గర, ప్రభుత్వం దగ్గర ఇరుక్కుపోయిన షేర్లకు కూడా బరువుండేది. బావ షేర్లన్నీ సర్కారు కంపెనీలే కదా. వీటిలో ప్రభుత్వ వాటా పెద్దది. కాబట్టి కంపెనీ ఎంత పెద్దదైనా ఫ్రీ ఫ్లోట్ తక్కెడలో తేలికైపోతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి.

సూచీ తెగకుండా ఎలా నడుస్తుంది

పై ఉదాహరణలోనే మొదటి రోజు ఫ్రీ ఫ్లోట్ విలువ 10,000 కోట్లు. దాన్ని 1,000 పాయింట్లుగా మొదలుపెట్టామనుకుందాం. అంటే ఒక పాయింటుకు పది కోట్లు. ఈ పదినే డివైజర్ అంటారు. సూచీ 2 శాతం పడ్డాక విలువ 9,800 కోట్లు, సూచీ 980.

ఆ రాత్రి చ ను తీసేసి, 4,000 కోట్ల ఫ్లోట్ ఉన్న మరో కంపెనీని తెచ్చారు. విలువ 10,800 కోట్లయింది. డివైజర్ పదిగానే ఉంచితే పొద్దున్నే సూచీ 1,080 చూపిస్తుంది, ఎవరూ ఏమీ కొనకుండానే వంద పాయింట్ల లాభం! అందుకే డివైజర్‌ను మారుస్తారు. 10,800ను 980తో భాగిస్తే 11.02. ఇక నుంచి పాయింటుకు 11.02 కోట్లు. సూచీ 980 దగ్గరే ఉంటుంది. నిఫ్టీకి మూలం 1995 నవంబరు 3, వెయ్యి పాయింట్లు. అప్పటి నుంచి ఎన్ని కంపెనీలు వచ్చినా పోయినా దారం తెగకుండా ఉన్నది ఈ సర్దుబాటు వల్లే.

దశాంశాలను చిన్నచూపు చూస్తే ఏమవుతుందో కెనడాలో వాంకూవర్ ఎక్స్‌చేంజీ చూసింది. 1982 జనవరిలో వెయ్యితో మొదలుపెట్టిన సూచీని ప్రతి లావాదేవీకీ లెక్కగట్టి, మూడో దశాంశం తర్వాత ఉన్నదాన్ని కోసేసేవారు. 1983 నవంబరుకు అది 524 చూపించింది. సరిగ్గా లెక్కిస్తే 1,098. అంటే మార్కెట్ పెరుగుతుంటే సూచీ సగానికి పడింది.

నిఫ్టీలో ఎవరుండాలన్నది ఏడాదికి రెండుసార్లు చూస్తారు. జనవరి, జూలై నెలాఖరు దాకా ఉన్న అంకెలతో లెక్కగట్టి మార్చి, సెప్టెంబరు చివర్లో మార్పులు చేస్తారు. అందులో ఒక షరతు మనకు ముఖ్యం. పది కోట్ల రూపాయల బుట్టను ఒకేసారి కొనబోతే ఆ షేరు ధర మన వల్లే ఎంత పైకి జరుగుతుందో అది ఇంపాక్ట్ కాస్ట్. పదింట తొమ్మిదిసార్లు అది అర శాతానికి మించకూడదు. ఈ షరతు ఎందుకో ఫ్యూచర్స్ దగ్గర తెలుస్తుంది.

హైదరాబాదువాళ్లకు ఈ లోపలికి రావడం, బయటికి పోవడం చేదుగా తెలుసు. 2009 జనవరి 7న సత్యం షేరు ఒక్క రోజులో మూడొంతులకు పైగా పడిపోయింది. జనవరి 12 నాటికి నిఫ్టీలో దాని స్థానంలో వేరే కంపెనీ ఉంది. సూచీ తన చిన్న వాటా మేరకు దెబ్బ తిని ముందుకు వెళ్లిపోయింది. అమీర్‌పేటలో, మాదాపూర్‌లో ఉద్యోగం, షేర్లు రెండూ అక్కడే పెట్టుకున్నవాళ్లకు ఆ సౌకర్యం లేదు. మన దివీస్ 2024 సెప్టెంబరు 30న నిఫ్టీ నుంచి బయటికి వచ్చింది. కంపెనీలో లోపం ఉండక్కర్లేదు, ఇతరుల ఫ్లోట్ విలువ పెరిగినా చోటు పోతుంది.

డబ్బు పెట్టడానికి: మామూలు నిఫ్టీనా, సమాన బరువు నిఫ్టీనా

సూచీని అనుసరించే ఫండ్ కొనేవాళ్లకు ముందున్న ఎంపిక ఇది. రెండింటిలోనూ అవే యాభై కంపెనీలు. మామూలు నిఫ్టీ 50లో మొదటి పది షేర్ల బరువు సగం దాటుతుంది, ఆర్థిక రంగం ఒక్కటే మూడో వంతు. నిఫ్టీ 50 ఈక్వల్ వెయిట్‌లో ఒక్కోదానికి 2 శాతం, పది కలిపితే 20.

సమాన బరువు వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ ధరలు కదిలిన మర్నాడే ఆ సమానత్వం చెడిపోతుంది. అందుకని మూడు నెలలకోసారి పెరిగినవాటిని కొంత అమ్మి, పడినవాటిని కొంటారు. మామూలు నిఫ్టీకి ఈ పని అక్కర్లేదు. షేరు పెరిగితే బరువూ దానంతటదే పెరుగుతుంది. కాబట్టి సమాన బరువు ఫండ్‌లో కొనుగోళ్లు, అమ్మకాలు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. నాలుగైదు పెద్ద కంపెనీలే మార్కెట్‌ను లాగుతున్న ఏడాది అది వెనకబడుతుంది. మిగతా నలభై ఐదు బాగుంటే ముందుంటుంది. పెద్ద బ్యాంకుల మీద అంత బరువు వద్దనుకునేవారికి, పదేళ్లు కదపనివారికి సమాన బరువు సరే. తొలి ఫండ్ కొంటున్నవాళ్లయితే మామూలు నిఫ్టీ తీసుకోండి. నేనదే తీసుకున్నాను.

ఏ ఫండ్‌నైనా బేరీజు వేసేటప్పుడు టీవీలో వచ్చే నిఫ్టీతో పోల్చకండి. ఆ అంకెలో మామూలు డివిడెండ్లు కలవవు. డివిడెండ్లు కలిపిన టోటల్ రిటర్న్ సూచీ వేరే ఉంటుంది, పోలిక దానితోనే.

ట్రేడర్‌కు మాత్రం ఈ చర్చంతా అక్కర్లేదు. ఈక్వల్ వెయిట్ సూచీ మీద మనకు ఫ్యూచర్సే లేవు.

ఫ్యూచర్ ధర ఎక్కడ నుంచి వస్తుంది

నిఫ్టీ ఫ్యూచర్స్ 2000 జూన్ 12న మొదలయ్యాయి. సూచీ అంటే ఒక అంకె, దాన్ని కొనలేం. ఫ్యూచర్ వచ్చాక ఆ అంకెను ఒకే ఆర్డరుతో కొనొచ్చు, చేతిలో లేకుండానే అమ్మొచ్చు, ఆ రోజే తేల్చేయకుండా వారాల తరబడి ఉంచొచ్చు. షేర్ల బజారులో చేతిలో లేనిదాన్ని అమ్మితే ఆ సాయంత్రంలోగా తిరిగి కొనాల్సిందే.

నిఫ్టీ 25,000 ఉంటే నెల తర్వాతి ఫ్యూచర్ 25,000 ఉండదు. ఇవాళ యాభై షేర్లనూ వాటి బరువుల ప్రకారం కొని నెల ఉంచుకుంటే ఆ డబ్బుకు వడ్డీ పోతుంది. ఏడాదికి 6.5 శాతమనుకుంటే ముప్పై రోజులకు దాదాపు 134 పాయింట్లు. ఈలోగా 40 పాయింట్ల డివిడెండ్లు వస్తాయనుకుంటే అవి తీసేయాలి. ఫ్యూచర్ 25,094 దగ్గర ఉండాలి. అంతకంటే బాగా పైన ఉంటే పెద్ద సంస్థలు షేర్లు కొని ఫ్యూచర్ అమ్ముతాయి. బాగా కింద ఉంటే తిరగేసి చేస్తాయి. ఆ లాగుడుతోనే ధర దారికొస్తుంది. "ఫ్యూచర్ వంద పాయింట్లు పైనుంది, జనం పెరుగుతుందనుకుంటున్నారు" అనే మాట విన్నప్పుడల్లా ముందు వడ్డీ లెక్క చూసుకోండి. డివిడెండ్లు ఎక్కువగా పంచే జూన్, జూలైల్లో ఫ్యూచర్ సూచీకి దగ్గరగా, ఒక్కోసారి కిందకే ఉంటుంది. అదీ భయం కాదు.

ఇంపాక్ట్ కాస్ట్ షరతు ఇక్కడ పనికొస్తుంది. ఆ యాభై షేర్లనూ ధర చెదరకుండా కొనగలిగినప్పుడే ఈ లాగుడు పనిచేస్తుంది. దొరకని షేర్లతో కట్టిన సూచీకి ఫ్యూచర్ పెడితే ధర గాలిపటమైపోతుంది. ఫ్రీ ఫ్లోట్‌తో తూచడం, సులువుగా దొరికే షేర్లనే ఎంచడం, ఫ్యూచర్ నమ్మకంగా ఉండటం మూడూ ఒకే గొలుసు.

మళ్లీ బావ లెక్క

ఇప్పుడు మే 31 నుంచి చూద్దాం. ఫ్యూచర్ ధర కొన్ని పాయింట్లు అటూఇటూ ఉంటుంది గానీ లెక్క తేలికవడానికి సూచీ ముగింపులే వాడతాను, బావ షేర్ల విలువలు గుండ్రం చేశాను.

శనివారం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. సోమవారం నిఫ్టీ 733.20 పాయింట్లు పెరిగి 23,263.90కి చేరింది. షార్ట్ చేసిన 50 యూనిట్లకు నష్టం 36,660. ఫ్యూచర్స్‌లో నష్టం నెలాఖరు దాకా ఆగదు, ఏ రోజుది ఆ రోజే ఖాతా నుంచి పోతుంది. అదే సాయంత్రం బావ షేర్లు దాదాపు 95 వేలు పెరిగాయి, కానీ అది కాగితం మీద. పోయింది మాత్రం నగదు. ఫోను అందుకే.

మంగళవారం నిఫ్టీ 1,379.40 పాయింట్లు, అంటే దాదాపు 6 శాతం కూలి 21,884.50 దగ్గర ఆగింది. షార్ట్ మీద 68,970 వచ్చాయి. రెండు రోజులకూ కలిపి లాభం 32,310. కానీ షేర్ల విలువ 12 లక్షల నుంచి 11 లక్షల 15 వేలకు దిగింది. నష్టం 85 వేలు. రక్షణ అందింది నలభై శాతానికి కూడా కాదు.

ఆ రోజు సర్కారు షేర్లు పది శాతానికి మించి పడ్డాయి. హిందుస్తాన్ యూనిలీవర్ లాంటివి అదే రోజు పెరిగాయి. బావ ఐదు షేర్లూ నిఫ్టీలో ఉన్నవే, అయినా ఐదింటి బరువు కలిపినా సూచీలో పదో వంతు లేదు. ఫ్లోట్ తక్కెడలో అవి తేలిక. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, రిలయన్స్, ఐసీఐసీఐ బ్యాంకు మూడే పావు వంతు దాటతాయి. బావ దగ్గర ఉన్నది ఐదు షేర్ల సమాన బరువు బుట్ట. నేను అమ్మించింది పెద్ద బ్యాంకులు, ఐటీ, సబ్బులు కలిసిన బుట్ట. రూపాయల విలువ సరిపోల్చాను, కదలికను సరిపోల్చలేదు.

కదలికను కొలిచేది బీటా. నిఫ్టీ ఒక శాతం కదిలితే మన బుట్ట ఎంత కదులుతుందన్నది. షీట్‌లో B నిలువు వరుసలో మీ బుట్ట రోజువారీ మార్పు శాతాలు, C నిలువు వరుసలో నిఫ్టీవి అరవై రోజులకు పెట్టి ఇలా అడగండి:

```
=SLOPE(B2:B61,C2:C61)
```

లాట్ల లెక్క: బుట్ట విలువను బీటాతో గుణించి, సూచీని లాటు సైజుతో గుణించిన విలువతో భాగించాలి. బీటా 1.4 వచ్చిందనుకుందాం. 12 లక్షలకు 16 లక్షల 80 వేలు. అప్పటి ఒక లాటు 5 లక్షల 63 వేలు. మూడు లాట్లు. అప్పుడు లాభం 48,465, నష్టంలో సగానికి పైగా పూడేది.

మిగతా సగం? మామూలు రోజుల బీటా ఎన్నికల రోజున నిలబడలేదు. ఆ రెండు రోజుల్లో బావ బుట్ట నిఫ్టీకి రెండున్నర రెట్లు కదిలింది. ఐదు లాట్లుంటే 80 వేలకు పైగా వచ్చి దాదాపు అంతా పూడిపోయేది. అయితే సోమవారం సాయంత్రం 91 వేలకు పైగా నగదు కట్టాల్సి వచ్చేది, ఐదు లాట్లకు ముందుగా కట్టే పూచీ సొమ్ము, అంటే మార్జిన్, కాకుండా. ఆ డబ్బు ఖాతాలో లేకపోతే బ్రోకరే లాట్లు మూసేస్తాడు, సరిగ్గా మంగళవారానికి ముందు. హెడ్జ్ సరైనదై ఉండి కూడా చేతికి రాకుండా పోవడం ఇలాగే జరుగుతుంది. అందుకే మార్జిన్‌తో పాటు, సూచీ మనకు ఎదురుగా 4 శాతం కదిలినా తట్టుకునేంత నగదు పక్కన లేనిదే షార్ట్ చేయొద్దంటాను.

ఏది ఎంచుకోవాలి

మీ షేర్లు పది, పదిహేను రంగాల్లో ఉండి, పెద్ద కంపెనీలే ఎక్కువైతే నిఫ్టీ ఫ్యూచర్ సరైన జోడీ. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు అన్ని వేళలా ఉంటారు. సెన్సెక్స్ ఫ్యూచర్ కూడా అదే కదలిక ఇస్తుంది, కొనే, అమ్మే ఆర్డర్లు ఎంత ఉన్నాయో తేడా చూసుకుని వెళ్లండి.

బ్యాంకు షేర్లే ఎక్కువైతే బ్యాంక్ నిఫ్టీ. ఇందులో చాలాకాలం రెండు మూడు ప్రైవేటు బ్యాంకులదే పెత్తనం. ఆ పట్టు సడలించడానికే, ఫ్యూచర్స్ ఉన్న ఇలాంటి రంగాల సూచీల్లో కనీసం 14 షేర్లుండాలని, ఒక్కదాని బరువు 20 శాతం, మొదటి మూడింటిది 45 శాతం దాటకూడదని 2025లో సెబీ నిబంధన పెట్టింది. ప్రభుత్వ బ్యాంకులు మాత్రమే పట్టుకున్నవాళ్లకు ఇది ఇంకా అచ్చమైన జోడీ కాదు.

నిఫ్టీ నెక్స్ట్ 50 మీద 2024 ఏప్రిల్ నుంచి ఫ్యూచర్స్ ఉన్నాయి, మిడ్‌క్యాప్ సెలెక్ట్ మీదా ఉన్నాయి. కదలిక మీ బుట్టకు దగ్గరైనా, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎడం నిఫ్టీ కంటే ఎక్కువ. ఆర్డరు పెట్టే ముందు ఆ ఎడాన్ని లాటుతో గుణించి చూడండి, రావడానికీ పోవడానికీ రెండుసార్లు. బావకు కావాల్సింది సర్కారు కంపెనీల సూచీ. సూచీ ఉంది, దాని మీద ఫ్యూచర్ లేదు. విడివిడిగా ఆ షేర్ల ఫ్యూచర్స్ అమ్ముదామంటే ఒక్కో లాటు అప్పట్లోనే ఐదు లక్షలకు పైమాటే, చేతిలో ఉన్నది రెండు లక్షల నలభై వేలు.

చిన్న బుట్టలకు ఇంకో అడ్డంకి. లాటు సైజు తరచూ మారుతుంది, 25 నుంచి 75 అయింది, తర్వాత 65. సూచీ 25,000 దగ్గర 65 లాటంటే 16 లక్షల 25 వేలు. ఎనిమిది లక్షల షేర్లున్నవాళ్లు ఒక లాటు అమ్మితే సగం రక్షణ, సగం జూదం. సగం లాటు దొరకదు. వాళ్లకు ఫ్యూచర్ వద్దు.

పుట్ ఆప్షన్, అంటే సూచీ పడినా ముందే అనుకున్న ధరకు అమ్ముకునే హక్కు, కొంటే సోమవారం సాయంత్రం ఫోను ఉండదు. పోయేది ముందు కట్టిన ప్రీమియమే. అయితే అందరూ భయపడే రోజున ప్రీమియం ఖరీదు. ఆ మే నెలాఖరులో మార్కెట్ భయాన్ని కొలిచే ఇండియా విక్స్ 20 పైన ఉంది, అంటే గొడుగు వాన మొదలయ్యాక కొనడమే. నగదు నిల్వ ఉంటే ఫ్యూచర్, లేకపోతే పుట్, రెండూ అరకొరగా ఉంటే కొన్ని షేర్లు అమ్మేయడం. నేనైతే ఈ వరుసలో ఆలోచిస్తాను. అమ్మితే పన్ను పడుతుంది నిజమే. కానీ ఫ్యూచర్స్ లాభం వ్యాపార ఆదాయం కింద చూపాలి, రిటర్న్ వేరే ఫారంలో వేయాలి, ఆడిటర్ ఫీజు అదనం. పన్ను తప్పించుకోవడానికి మాత్రమే హెడ్జ్ చేస్తే అక్కడ మిగిలింది ఇక్కడ పోతుంది.

ఎక్స్‌పైరీ రోజు, అంటే ఫ్యూచర్ గడువు ముగిసే రోజు, దాకా ఉంచుకునేవాళ్లకు ఒక మాట. చివరి లెక్క మూడున్నరకు తెరమీద కనిపించిన ఆఖరి ధరతో కాదు, చివరి అరగంటలో షేర్లు చేతులు మారిన ధరల సగటుతో కట్టిన సూచీ ముగింపుతో. 3:28కి పడిందని సంబరపడి లాభం లేదు.

బావ ఈ మధ్య ఓఎన్‌జీసీ, కోల్ ఇండియా అమ్మేసి ఆ డబ్బును నిఫ్టీ ఫండ్‌లోకి మార్చాడు. మొన్న ఆదివారం వాళ్లింటికెళ్తే ఫోనులో షీట్ తెరిచి చూపించాడు. బీటా 1.1కి దిగింది. "ఇప్పుడొక లాటు సరిపోతదా?" అన్నాడు. బుట్ట ఇప్పుడు పదమూడు లక్షలు, లాటు పదహారు దాటింది. "ఇంకో రెండు లక్షలు రానీ బావా" అన్నాను. అక్క వంటింట్లోంచి, "మార్జిన్ డబ్బులు బంగారం చీటీలో ఉన్నయ్, అవి ముట్టుకోవద్దు" అంది.